నెల్లూరులో వెండి గిన్నె, ఉదయగిరిలో చెక్క చెంచా

అన్నప్రాశనకు వెండి గిన్నె, చెంచా కొనబోతున్న వారెవరైనా సరే, నెల్లూరులో నాకు ఎదురైనది చదివాకే బజారుకు వెళ్లండి. నా మనసు ఇంకా చల్లారలేదు.

మా అక్క మనవడికి ఆరో నెలలో నెల్లూరు దగ్గర జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో అన్నప్రాశన పెట్టుకున్నారు. బ్రహ్మోత్సవాల్లో సంతానం కోరి వచ్చేవారికి కొడిముద్దల ప్రసాదం ఇచ్చే గుడి అది. మా అక్క మొక్కూ అక్కడిదే. విజయవాడ నుంచి పినాకిని రైల్లో హాయిగా చేరాం. స్టేషన్ దగ్గర లాడ్జి గది 1,400 రూపాయలు. వేడినీళ్లు ఏడింటి దాకానే అని చెప్పింది ఎనిమిదింటికి. దాని గురించి ఇంతకు మించి రాయను, కోపం దాచుకోవాల్సిన చోటు వేరే ఉంది.

అది చిన్నబజారులో ఒక వెండి దుకాణం. చుట్టూ లతలు, మధ్యలో వినాయకుడు చెక్కిన గిన్నె, పిడికి మువ్వలున్న చెంచా, ఎర్ర మఖమల్ పెట్టె చూపించారు. రెండూ కలిపి 80 గ్రాములు. ఆ రోజు బోర్డు మీద గ్రాము 130 రూపాయలు. వెండికి 10,400, మజూరీ 1,200, దాని మీద మూడు శాతం పన్ను 348, మొత్తం 11,948 రూపాయలు. "ఎంత టచ్?" అని స్వచ్ఛత అడిగితే, "మంచి వెండేనమ్మా, మా తాతల నాటి కొట్టు" అన్నాడు. నేను అడిగినది తాతల గురించి కాదు. ఈలోగా మా వారు ఆకలి వేస్తోందంటూ డబ్బు కట్టేశారు.

బిల్లు చూస్తే "వెండి వస్తువు" అని తప్ప స్వచ్ఛత రాయలేదు. గిన్నె అడుగున ముద్ర లేదు. అదే వీధిలో టచ్ చూసే చోట 50 రూపాయలిచ్చి మిషన్ కింద పెట్టించాను. నూటికి 78.5 వచ్చింది. అంటే 80 గ్రాముల్లో అసలు వెండి 62.8 గ్రాములు. మిగతా 17.2 గ్రాములకూ వెండి ధరే కట్టాం, అంటే 2,236 రూపాయలు ఎక్కువ.

ఇక్కడొక మాట న్యాయంగా చెప్పాలి. తక్కువ టచ్ వెండి అమ్మడమే మోసం కాదు. హాల్‌మార్క్ గ్రేడులు వెయ్యికి లెక్క, వాటిలో 990, 925 ఉన్నట్టే 800 కూడా ఉంది. పైగా వెండికి బంగారంలా హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చెప్పకుండా పూర్తి ధర పుచ్చుకోవడమే మోసం. అలాగని 990 వెతుక్కోనక్కర్లేదు. అంత స్వచ్ఛమైన వెండి మెత్తన, చెంచా తేలిగ్గా వంగుతుంది. రాగి కలిసిన 925 గట్టిగా ఉంటుంది. వస్తువు మీద ఆ అంకెతో హాల్‌మార్క్ ముద్ర, బిల్లులో అదే అంకె, పెట్టె లేకుండా మీ కళ్ల ముందు తూకం, మజూరీ విడిగా. ఈ నాలుగూ లేకపోతే లేచి వచ్చేయండి.

వెనక్కి వెళితే "వాపసు లేదు, మార్పిడే" అన్నాడు. గంటసేపు వాదించాక మజూరీ, పన్ను పోగొట్టుకుని 925 ముద్ర ఉన్న సాదా గిన్నె, సాదా చెంచా తెచ్చుకున్నాను. మా వారు అంతసేపూ బయట మలై కాజా తింటూ నిలబడ్డారు. నాకో ముక్క మిగిల్చారు, అదొక్కటే ఆ పూట తీపి.

తర్వాత ఆలోచిస్తే ఆ చెక్కుడు గిన్నె పోవడమే మేలైంది. పిల్లాడికి పెట్టేది మెత్తగా మెదిపిన అన్నం, పప్పు. అవి లతల సందుల్లో ఎండిపోతే బ్రష్షుతో కూడా రావు. మువ్వ ఊడితే నేరుగా గొంతులోకి పోతుంది. చెంచా సంగతి ఇంకా ముఖ్యం. దుకాణాల్లో అన్నప్రాశన చెంచా పేరుతో అమ్మేవి చాలావరకు వెడల్పుగా, లోతుగా ఉంటాయి. ఆరు నెలల పిల్లాడు పై పెదవితో తుడుచుకోవాలంటే చెంచా గుంట లోతు తక్కువగా ఉండాలి, వెడల్పు మీ బొటనవేలిని మించకూడదు. అంచును మీ కింది పెదవి మీద అడ్డంగా నడిపి చూడండి, గరుకుగా తగిలితే వద్దు. పిడి మాత్రం పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే పట్టుకునేది తల్లి. ఇంకో ఇబ్బంది, వెండి త్వరగా వేడెక్కుతుంది. గుడ్డు సొన తగిలితే నల్లబడుతుంది కూడా. అందుకే చాలా ఇళ్లలో ఆ గిన్నె పూజ రోజు తర్వాత బీరువా దాటి రాదు.

మర్నాడు ఖాళీ ఉండటంతో ఉదయగిరి వెళ్దామన్నాను. మా వారు ముఖం ముడుచుకున్నారు. ఆత్మకూరు మీదుగా బస్సు, స్త్రీశక్తి కింద నాకు సున్నా టిక్కెట్టు, ఆయనకు 140 రూపాయలు. ఆ తేడా గురించి దారంతా వినాల్సి వచ్చింది.

ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. గరిటెలు, ఫోర్కులు, అట్లకాడలు అన్నీ చేతితో చెక్కినవే. ఒక ఇంటి వరండాలో పెద్దావిడ చెంచాను గరుకు కాగితంతో రుద్దుతూ, మధ్యమధ్యలో చెంపకు ఆనించి చూసుకుంటోంది. చెంపకు నునుపుగా తగిలేదాకా వదలదట. రంగూ వార్నిషూ పూయనివి కావాలని అడిగాను. "నోట్లో పెట్టేదానికి రంగెందుకమ్మా, నూనె చాలు" అంది. తట్టలో ఉన్న వాటిలోంచి గుంట లోతు తక్కువగా, పిడి పొడుగ్గా ఉన్నవి నాలుగు ఏరి ఇచ్చింది. ఒక్కోటి 60 రూపాయలు, బేరం ఆడబుద్ధి కాలేదు. మా వారు కూడా అడగకుండానే అట్లకాడ కొన్నారు.

చెక్కకు జాగ్రత్తలు వేరు. నీళ్లలో నానబెట్టకూడదు, మరిగించకూడదు. కడిగి నిలబెట్టి ఆరబెట్టాలి. అప్పుడప్పుడు కొబ్బరినూనె రుద్దాలి. పగులు కనబడితే పారేయాలి, పగుళ్లలో బూజు పడుతుంది. నాలుగు కొన్నది అందుకే.

జొన్నవాడలో అన్నప్రాశన ఇబ్బంది లేకుండా జరిగింది. మేనమామ బంగారు ఉంగరంతో పరమాన్నం నాలుకకు తాకించాడు, పిల్లాడు పుస్తకాన్ని వదిలి కత్తెర పట్టుకున్నాడు. అసలు గొడవ కానుకలు విప్పినప్పుడు. మూడు వెండి గ్లాసులు వచ్చాయి, ఆ వయసు వాడు ఒక్కదాంట్లోనూ తాగలేడు. వచ్చిన బట్టలన్నీ ఆరు నెలల కొలతవి, నెల తిరిగేసరికి బిగుతవుతాయి. ఏడాదిన్నర కొలత తెచ్చిన దూరపు బంధువు ఒక్కరే తెలివైన మనిషి. ఒక బుట్టలో బాదం, బిస్కెట్లతో పాటు తేనె సీసా. మా అక్క నాకించబోతే కూతురు సీసా లాక్కుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె పెట్టకూడదు, అందులో బొట్యులిజం తెచ్చే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఆచారం కోసమైనా చుక్క వద్దు. పెద్దవాళ్లు మూతి ముడుచుకున్నారు, ముడుచుకోనీ.

నెల తర్వాత అక్క కూతురికి ఫోను చేస్తే, "పిన్నీ, చెక్క చెంచాలు రోజూ వాడుతున్నాను, ఒకటి పిల్లాడు కొరికి పీచు లేపాడు, పారేశాను. వెండి గిన్నెలో పప్పన్నం పెడుతున్నాను, గుడ్డు మాత్రం స్టీలు గిన్నెలో" అంది. వెండి గ్లాసులు లాకరుకు వెళ్లాయట. దసరాకు వచ్చేటప్పుడు ఏం తేమంటావు అంటే, అడుగున రబ్బరు పట్టు ఉండి బల్లకు అతుక్కునే స్టీలు గిన్నె కావాలంది, వాడు గిన్నెలు విసరడం మొదలుపెట్టాడట. విజయవాడలో 450కి దొరికింది. మూత కూడా ఉంది.