అలిపిరి మెట్ల మీద ఒంటరిగా: నాలుగు ఎపిసోడ్లు

ఎపిసోడ్ 1: సంచి

తెల్లవారుజాము. తిరుపతిలో టోకెన్ల క్యూ. సర్వదర్శనం టోకెన్లు భూదేవి కాంప్లెక్స్‌లో, బస్టాండు దగ్గరి శ్రీనివాసంలో, రైల్వేస్టేషన్ ఎదుటి విష్ణునివాసంలో ఇస్తారు. ఆమె భూదేవి కాంప్లెక్స్‌కు వచ్చింది. అలిపిరి నుంచి నడిచేవాళ్లకు అదే దగ్గర, మిగతా రెండూ ఊళ్లో ఉంటాయి. ఆధార్ చూపించింది, ఫొటో దిగింది, టోకెన్ అందుకుంది. దాని మీద ఈరోజు తేదీ, మధ్యాహ్నం 3 గంటలు అని ఉంది. అది క్యూలోకి వెళ్లాల్సిన సమయం. ఆ వేళకే దర్శనం అయిపోతుందనుకుని తిరుగు రైలు బుక్ చేసుకునేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

అలిపిరిలో లగేజీ కౌంటర్. సంచిని ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. చెప్పులు కూడా అందులోనే పెట్టి, తాళం వేసి ఇచ్చి రసీదు తీసుకుంది. దగ్గర ఉంచుకున్నవి నీళ్లసీసా, ఫోను, కాస్త డబ్బు, టోకెన్. పాదాల మండపం దగ్గర దండం పెట్టి కొంగు సర్దుకుంటుంటే గుర్తొచ్చింది. ఆధార్ సంచిలో ఉండిపోయింది. సంచి వ్యాను ఎక్కేసింది.

ఎపిసోడ్ 2: పసుపు

మొత్తం 3,550 మెట్లు, 9 కిలోమీటర్ల దూరం. కష్టమంతా మొదట్లోనే, గాలిగోపురం దాకా. ఆ రెండు వేల చిల్లర మెట్లకే ఆయాసం వచ్చేస్తుంది. మొదటి అరగంట ఉత్సాహంగా ఎక్కేసినవాళ్లు అక్కడే చతికిలబడతారు.

క్లోజప్: ఒక పెద్దావిడ ప్రతి మెట్టుకూ వంగి, చిటికెడు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెడుతోంది. మెట్లపూజ మొక్కు. అలా వంగుతూ లేస్తూ ఎక్కితే మామూలుగా పట్టే నాలుగైదు గంటలు ఏ మూలకీ చాలవు. ఆ మొక్కు ఉన్నవాళ్లు అదేరోజు దర్శనం టోకెన్ పెట్టుకోకపోవడమే మంచిది. వెనకొచ్చేవాళ్లు కూడా చూసి అడుగేయాలి. చెమట పాదాలకు తడిసిన పసుపు జారుతుంది. మెట్టు అంచున వెలిగించిన కర్పూరానికి చీర కుచ్చిళ్లు తగలకుండా కాస్త ఎత్తి పట్టుకోవాలి.

గాలిగోపురం దాటాక దారి మెత్తబడుతుంది. ఏడో మైలు ఆంజనేయస్వామి దాకా హాయిగానే నడుస్తుంది. ఇక అయిపోయిందిలే అనుకునేసరికి ఎదురుగా మోకాళ్ల పర్వతం.

ఎపిసోడ్ 3: గది

పదిన్నరకు కొండపైకి చేరింది. రసీదు చూపిస్తే సంచి ఇచ్చారు, ఆధార్ చేతికొచ్చింది. ప్రాణం లేచొచ్చింది గానీ, సంచులు దిగడం ఆలస్యమైన రోజైతే ఈ ధీమా ఉండేది కాదు. ఆధార్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి.

గదుల కోసం విచారణ కార్యాలయానికి వెళ్లింది.

“ఎంతమందమ్మా?”

“ఒక్కదాన్నే.”

“ఒక్కరికి గది రాదమ్మా. లాకర్ తీసుకోండి.”

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన మాట ఇది. అందుకే యాత్రికుల వసతి సముదాయమే మేలు. లాకర్ ఉచితం, పడుకోవడానికి హాలు, స్నానాలగదులు ఉంటాయి. తలుపేసుకుని పడుకునే ఏకాంతం మాత్రం ఉండదు, రాత్రి హాల్లో చంటిపిల్లల ఏడుపులూ తప్పవు. కంటినిండా నిద్ర కావాలనుకుంటే తిరుపతిలో గది చూసుకుని, కొండ మీద లాకర్‌తో సరిపెట్టుకోవాలి.

సంచి లాకర్లో పెట్టి కల్యాణకట్టకు నడిచింది. ఆడవాళ్లకు తలనీలాలు తీయడానికి ఆడవాళ్లే ఉంటారు. రుసుము లేదు.

“మూడు కత్తెర్లా, గుండా అమ్మా?”

“గుండే.”

వరస ముందుకు కదలడం లేదు. గోడ గడియారంలో రెండు దాటి పది నిమిషాలు.

ఎపిసోడ్ 4: క్యూ

తలస్నానం చేసి చీర మార్చుకునేసరికి 2.40. చీరగానీ, లంగావోణీగానీ, చున్నీతో చుడీదార్‌గానీ ఉండాలి. చున్నీ మరిచిపోయి అప్పటికప్పుడు కొనుక్కోవడానికి పరుగులు తీసేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఫోను గుడిలోకి రానివ్వరు. ఆమె ఫోనుని లాకర్లోనే పెట్టి వచ్చింది. డిపాజిట్ కౌంటర్లో ఇచ్చేటట్లయితే, తిరిగి తీసుకునేది ఇక్కడేనా, వేరేచోటా అని ఇచ్చేముందే అడగాలి. దర్శనం చేసుకుని బయటికొచ్చేది మరో దారిలో.

మూడింటికి టోకెన్, ఆధార్ చూపించి లోపలికి వెళ్లింది. క్యూలో కొన్ని గంటలు గడిచాయి. ఆ తర్వాత జయవిజయుల దగ్గర్నుంచి కొన్ని క్షణాలు, “జరగండమ్మా, జరగండి” అన్న కేకల మధ్య. నడిచొచ్చినవాళ్లకైనా సర్వదర్శనంలో అంతే.

బయట ఉచిత లడ్డు ఒకటి అందుకుంది. అదనంగా కావాలంటే ఒక్కోటి 50 రూపాయలు. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో అరటాకు ముందు కూర్చుని రెండోసారి అన్నం పెట్టించుకుంది. లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. పక్కనున్నావిడ చెయ్యందించింది.

“నడిచొచ్చావామ్మా?”

“అవునండీ.”

“దిగేటప్పుడు మాత్రం బస్సెక్కు. మోకాళ్లకి దిగడమే ఎక్కువ బాధ.”