కాగితం చెప్పేది నాజిల్ మాట, ప్రోబ్ చెప్పేది తన మాట

విశాఖలో ఆటోనగర్ వర్క్‌షాపులకు చిన్న ప్లాస్టిక్ భాగాలు త్రీడీ ప్రింటర్‌పై చేసి ఇస్తుంటాను. భాగం తయారయ్యే పలక, అంటే బెడ్, 220 మిల్లీమీటర్లది. చాలాకాలం ప్లాస్టిక్ కారే నాజిల్ కింద కాగితం జరిపి, ఒరిపిడి చూస్తూనే బెడ్ లెవెల్ చేసి, తర్వాత పిన్నుతో తాకి చూసే ప్రోబ్ బిగించాను. ప్రోబ్ ఉంటే కాగితం పారేయవచ్చంటారు కానీ, నేను పారేయలేదు.

కాగితం పద్ధతి బెడ్ చదునుగా ఉన్నంతవరకు బాగా పనిచేస్తుంది. నాలుగు మూలల మరలు బెడ్‌ను అటూ ఇటూ వంచి నిలబెట్టగలవే తప్ప, మధ్యలో పడిన గుంటను పైకి లేపలేవు. నా పాత బెడ్ వేడెక్కాక మధ్యలో పావు మిల్లీమీటరు దిగేది. మూలల్లో కాగితం చక్కగా రాసుకునేది, మధ్యలో 0.2 మందం ఉన్న మొదటి పొర దారాల్లా ఊడివచ్చేది. ఇక ముసురు పట్టిందంటే మన తేమకు కాగితం మెత్తబడి, చేతికి తెలిసే ఒరిపిడే మారిపోతుంది. అందుకే 0.1 మిల్లీమీటరు మందపు ఉక్కు రేకు అయిన ఫీలర్ గేజ్ కొన్నాను. సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంచుతాను, వాడేముందు తుడుస్తాను.

ఆ గుంట బాధ ప్రోబ్‌తో తీరింది: అది బెడ్‌ను చాలాచోట్ల తాకి ఎత్తుపల్లాల పటం, అంటే మెష్, తీస్తుంది, ప్రింటర్ దాని ప్రకారం నాజిల్ ఎత్తు మార్చుకుంటుంది. ప్రింటర్‌ను నడిపే మార్లిన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: హోమింగ్ ఆదేశం G28 తర్వాత మెష్ మామూలుగా ఆగిపోతుంది, M420 S1 ఇస్తేనే మళ్లీ అమల్లోకి వస్తుంది.

అయితే కొంతకాలానికి వెడల్పాటి స్విచ్ ప్యానెల్ ఒకటి నన్ను తిప్పలు పెట్టింది. మెష్‌లో ఎడమకూ కుడికీ తేడా 0.02 మాత్రమే. ప్రింటులో మాత్రం కుడివైపు పొర నలిగి పారదర్శకంగా, ఎడమవైపు గీతలు విడివిడిగా వస్తున్నాయి. మళ్లీ మెష్ తీసినా అదే కథ. మెష్‌ను M420 S0తో ఆపి, నాజిల్ కింద గేజ్ పెట్టి రెండు చివర్లా ఎత్తు చూస్తే తేడా 0.15 తేలింది.

కారణం నాజిల్ అటూ ఇటూ జరిగే ఎక్స్ పట్టాలో మెలి. ప్రోబ్ నాజిల్‌కు 45 మిల్లీమీటర్లు వెనుక ఉంటుంది. పట్టా ఒక చివర నుంచి మరో చివరకు 0.2 డిగ్రీ కన్నా తక్కువ మెలి తిరిగినా, ప్రోబ్, నాజిల్ ఎత్తుల మధ్య అంత తేడా వచ్చేస్తుంది. ప్రోబ్ తన కింద ఉన్నదాన్ని సరిగ్గానే కొలిచింది. గీసేది మాత్రం నాజిల్. ఈ తప్పు ఎన్ని బిందువుల మెష్ తీసినా దొరకదు, ఎందుకంటే ప్రతి బిందువులోనూ అదే కలిసి ఉంటుంది. ప్రోబ్ నాజిల్‌కు ఎంత దూరంగా ఉంటే తప్పు అంత పెద్దది.

పట్టా ఒక చివర బోల్టులు వదులు చేసి, బ్రాకెట్ వెనుక పలుచని రేకు ముక్క పెట్టి సరిచేశాను. మార్లిన్ 2.1లోనూ, అలాంటిదే అయిన క్లిప్పర్‌లోనూ ఈ మెలిని లెక్కగట్టి దిద్దే సదుపాయం ఉంది. కానీ బోల్టు తిప్పితే పోయేదానికి సాఫ్ట్‌వేర్ ఎందుకన్నది నా అభిప్రాయం. ఇప్పుడు మెష్ ప్రోబ్‌తోనే తీస్తాను. నాజిల్ మార్చినప్పుడు ప్రోబ్‌కూ నాజిల్‌కూ ఎత్తులో ఉండే తేడా అయిన జెడ్ ఆఫ్‌సెట్‌ను బెడ్ వేడిగా ఉండగా గేజ్‌తో సరిచూసి, రెండు చివర్లా కూడా ఒకసారి పెట్టి చూస్తాను.