సింగిల్ కోటింగ్ బైనాక్యులర్: ఏళ్ళ తరబడి వాడిన మీదట

మాది గంజాం జిల్లా బరంపురం. చలికాలం వచ్చిందంటే పక్షుల కోసం రంభ దగ్గర చిలికా ఒడ్డుకు పోతుంటాను. అక్కడ వాడేది 8x40 పోరో ప్రిజం బైనాక్యులర్. లోపలి ప్రిజాలతో సహా అన్ని గాజు తలాలకూ మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత ఉంది, అదీ ఒక్క పొరే. మల్టీ కోటింగ్ లేనిది ఎందుకు ఉంచుకున్నావని అడిగేవాళ్ళు ఎక్కువ. అందుకే ఈ సమీక్షలో పూత గురించే రాస్తున్నాను.

గాలిలోంచి మామూలు గాజులోకి (వక్రీభవన గుణకం 1.52) వెలుతురు వెళ్ళేటప్పుడు ఒక్కో తలం దగ్గర 4 శాతం పైచిలుకు వెనక్కి పోతుంది. తక్కువే అనిపిస్తుంది గానీ, నా బైనాక్యులర్‌లో ఒక్కో కంటి వైపు గాలి తగిలే తలాలు పది. ముందు లెన్స్‌కి రెండు, రెండు ప్రిజాలకు నాలుగు, కంటి దగ్గర లెన్సులకు నాలుగు. పూతే లేకపోతే చివరికి కంటికి చేరేది 65 శాతం. పోయిన వెలుతురులో కొంత గొట్టం లోపలే అటూ ఇటూ తిరిగి బొమ్మ మీద తెల్లటి పొగలా పరుచుకుంటుంది. అసలు చికాకు దానితోనే.

పూత చేసే పని ఇదీ: పూత పైముఖం నుంచి ఒక అల, కింద గాజు ముఖం నుంచి ఇంకో అల వెనక్కి వస్తాయి. పూత మందం, దాని లోపలి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే, రెండో అల పోయిరావడంలో సగం తరంగం వెనకబడుతుంది. ఒకటి ఎగువకు లేస్తే రెండోది దిగువకు పడి రెండూ కొట్టుకుపోతాయి. మన కన్ను బాగా పట్టే 550 నానోమీటర్ల ఆకుపచ్చకు లెక్క వేస్తే:

d = λ / 4n = 550 / (4 × 1.38) ≈ 100 nm

ఇక్కడ 1.38 మెగ్నీషియం ఫ్లోరైడ్ గుణకం. ఇంతవరకూ నా బైనాక్యులర్‌కు వంక పెట్టడానికి లేదు. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుంటే లెన్స్‌లో ప్రతిబింబం లేత ఊదాగా కనిపిస్తుంది. ఆకుపచ్చ రద్దయి, రెండు కొసల్లోని ఎరుపూ నీలమూ కాస్త ఎక్కువ మిగలడం వల్ల ఆ రంగు. పూత పలచబడితే గోధుమ రంగుకు, మందమైతే నీలానికి తిరుగుతుంది.

మరి మందం సరిపోయినా ఆ ప్రతిబింబం పూర్తిగా ఎందుకు పోదు? రెండు అలలూ సరిసమానం కావు కాబట్టి. గాలి నుంచి 1.38కి అడుగు పెద్దది, అక్కడి నుంచి 1.52కి చిన్నది. పైముఖం అల ఎత్తు 0.16 అయితే, కింది దాని ఎత్తు 0.05 కూడా ఉండదు. చిన్నది పెద్దదాన్ని ఎంతని మింగుతుంది? మిగిలిన 0.11ని వర్గం చేస్తే 1.2 శాతం చిల్లర, ఒక్కో తలానికి నష్టం అదే. రెండు అలలూ సమానం కావాలంటే పూత గుణకం గాజు గుణకానికి వర్గమూలం కావాలి:

n = √1.52 ≈ 1.23

చిక్కేమిటంటే, గట్టిగా నిలిచే మామూలు ఘన పదార్థం అంత తక్కువ గుణకంతో దొరకదు. సూక్ష్మ రంధ్రాలున్న సిలికాతో ఆ అంకె అందుకోవచ్చు. కానీ తేమ రంధ్రాల్లో చేరితే గుణకం పెరిగిపోతుంది, తుడిస్తే గీతలు పడతాయి. చిలికా ఉప్పుగాలికి అది పనికిరాదు. వేడి చేసిన గాజు మీద వేసిన మెగ్నీషియం ఫ్లోరైడ్ మాత్రం గట్టిగా అంటుకుంటుంది. అంటే ఇందులో మిగిలిన మెరుపు పనితనం లోపం కాదు, పదార్థంతో చేసుకున్న రాజీ. తమాషా ఏమిటంటే, 1.9 గుణకం ఉన్న బరువు గాజు మీద ఇదే పొర దాదాపు సున్నాకు దించేస్తుంది. 1.9కి వర్గమూలం 1.38యే మరి.

వాడకంలో ఎలా ఉందంటే, లెక్క ప్రకారం నాకు చేరేది 88 శాతం. తలానికి అర శాతమే పోయే మల్టీ కోటింగ్ అయితే 95. మిట్టమధ్యాహ్నం ఈ తేడా నా కంటికి ఆనలేదు. రంభ ఒడ్డు నుంచి సరస్సు తూర్పున ఉంటుంది కనుక పొద్దున్నే సూర్యుడు ఎదురవుతాడు. అప్పుడు నీటి మెరుపులో బాతుల ముదురు రెక్కలు బూడిద రంగులోకి తేలిపోతాయి. పక్కన మా బావమరిది మల్టీ కోటింగ్ దానిలోంచి చూసి, "బావా, నీదాంట్లో మంచు కురుస్తోందేటి?" అన్నాడు. నిజమే, ఆ గంటసేపు అతనిదే మేలు. మిగతా రోజంతా మార్చాలనిపించలేదు.

పాతది కొనేవాళ్ళు మాత్రం ముందు లెన్స్ రంగు చూసి మురిసిపోకండి. పెద్ద అద్దం వైపు నుంచి లోపలికి లైటు వేసి, కాస్త వాలుస్తూ ప్రతిబింబాలు చూడండి. లోతున తెల్లగా మెరిసేవి ఉంటే ప్రిజాలకు పూత వేయలేదన్నమాట. బయటి రెండు తలాలకే వేసి వదిలేసిన వాటిలో వెలుతురు 69 శాతం దాటదు. పూత లేనిదానికీ దానికీ తేడా నాలుగు శాతమే, డబ్బాల మీద మాత్రం, అన్ని తలాలకూ పూత ఉన్నవాటి మీద లాగే, కోటెడ్ అన్న మాట ఉంటుంది.