మూడో పిన్ను ఉత్తుత్తిదే! లాప్‌టాప్ ఛార్జర్ కొనేముందు జాగ్రత్త

పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల లాప్‌టాప్‌కి బయటి ఛార్జర్ కొందామనుకుంటున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. గత నెల మా అమ్మాయి ఛార్జర్ పోయింది. కంపెనీది మూడు వేలు దాటుతోందని, టౌన్‌లో ఒక షాపులో 650 రూపాయలకి ఒకటి తీసుకున్నాను. "సేమ్ టు సేమ్ అండి, ఆర్నెల్లు గ్యారంటీ, ఆయ్" అన్నాడు. బిల్లు అడిగితే విజిటింగ్ కార్డు వెనక తేదీ రాసిచ్చాడు. నాకు అక్కడే వెలగాల్సింది.

మూడో రోజు సాయంత్రం వాళ్లమ్మ హాలు తడిగుడ్డ పెట్టి తుడిచింది. అమ్మాయి కింద కూర్చుని లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోగానే "నాన్నా, ఇది జివ్వుమంటోంది" అని అరిచింది. నేను వెళ్లి పట్టుకుంటే ఏమీ లేదు. నా కాళ్లకి చెప్పులున్నాయి. అవి విప్పి వేలి వెనక వైపుతో మూత మీద మెల్లగా నిమిరాను. నున్నటి అల్యూమినియం కాస్తా గరుగ్గా, సన్నగా వణుకుతున్నట్టు తగిలింది. ప్లగ్ పీకగానే మళ్లీ నునుపు. మీ ఇంట్లో కూడా ఇలాగే ఉందా అని చూసుకోవాలంటే ఈ తేడా ఒక్కటి చాలు.

మాకు వైరింగ్ చేసే పెద్దాయన మర్నాడు మీటరు పట్టుకుని వచ్చాడు. ఆయన మీటరు వైర్ల కొసన ఉండే బుర్రల్లో ఒకటి బోరు పైపుకి, ఇంకోటి లాప్‌టాప్ అడుగున ఉన్న ఇనప స్క్రూకి ఆనించాడు. 108 వోల్టులు! నాకు గుండె ఆగినంత పనైంది. "కంగారు పడకండి బాబూ, ఓల్టు ఉంది గానీ దాని ఎనకాల బలం లేదు" అన్నాడాయన.

ఆ మాటకి అర్థం ఇదీ. మూడు పిన్నుల ఛార్జర్‌లో కరెంటు లోపలికొచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య, రెండోది న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య. ఛార్జర్ లోపల కరెంటు సెకనుకి వేల సార్లు ఆగి మొదలవుతుంటుంది కాబట్టి దాని రొద బయటి వైర్లలోకి పోకుండా ఎర్త్‌లోకి మళ్లించడం వాటి పని. చాలా ఛార్జర్లలో ఆ ఎర్త్‌నే లాప్‌టాప్‌లోకి వెళ్లే పిన్ను బయటి రేకుకి కలుపుతారు. అక్కణ్నుంచి అది లాప్‌టాప్ బాడీకి వెళ్తుంది. గోడలో ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది, మనకి తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే రెండు కెపాసిటర్ల నడుమ ఉన్న బాడీ 230లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో ఉన్న మనిషి ముట్టుకుంటే లీకేజీకి దారి ఆ మనిషే.

ఎంత కరెంటు? కెపాసిటర్ 2.2 నానోఫారడ్‌ది అయితే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 0.16 మిల్లీఆంపు. గట్టిగా పట్టుకుంటే సాధారణంగా అర మిల్లీఆంపు దగ్గర గానీ మనిషికి తెలియదు. వేలు తేలిగ్గా రాసినప్పుడు మాత్రం అంతకంటే తక్కువకే చర్మానికి వణుకు తెలుస్తుంది. అందుకే అది జివ్వుమంది గానీ షాక్ కొట్టలేదు. నియాన్ టెస్టరు పెడితే ఈ కాస్త దానికీ వెలుగుతుంది, కాబట్టి టెస్టరు వెలిగిందని బెంబేలు పడొద్దు, వెలగలేదని ధీమా పడొద్దు.

ఇక మోసం సంగతి. పెద్దాయన మీటరుని, మధ్యలో వైరు కలిసి ఉంటేనే కూసే బీప్ మోడ్‌లో పెట్టి, ప్లగ్‌లో లావుగా పొడుగ్గా ఉండే మూడో పిన్నుకి ఒక బుర్ర, అడాప్టర్‌కి తగిలించే త్రాడు రెండో కొసన మూడు బొక్కల్లో ఎర్త్‌ది చూసి అందులో ఇంకో బుర్ర పెట్టాడు. బీప్ లేదు. ప్లగ్ కోసి చూస్తే లోపల రెండే వైర్లు. మూడో పిన్ను సాకెట్‌లో బిగుతుగా కూర్చోవడానికి పెట్టిన ఇత్తడి ముక్క, అంతే! షాపుకి తీసుకెళ్తే "కరెంటుకి రెండు వైర్లు చాలండి, మూడోది షోకి" అన్నాడు. ఇన్నేళ్లుగా ఛార్జర్లు అమ్ముతున్నవాడి మాట అది.

వేరే చోట మూడు వైర్ల త్రాడు కొని తెచ్చాను. పెట్టి చూస్తే మళ్లీ జివ్వు. ఇక్కడ షాపువాణ్ని అనడానికి లేదు, తప్పు మా ఇంట్లోనే ఉంది. సాకెట్‌లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 228 వోల్టులు వచ్చాయి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య మాత్రం 41. ఎర్త్ బాగుంటే ఆ రెండూ దాదాపు సమానంగా ఉండాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. (ఈ కొలతలు లైవు కరెంటు మీద తీసేవి, చేత్తో అలవాటున్నవాళ్లకే వదిలేయండి.) పెరట్లో మా నాన్నగారు వేయించిన జీఐ పైపు దగ్గరకి వెళ్లి లాగితే క్లాంపు తుప్పుపట్టి చేతిలోకి వచ్చేసింది. మా వైపు నల్లరేగడి, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. ఎర్త్‌కి ఇంతకంటే మంచి నేల దొరకదు. కానీ సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు ఎక్కువై అదే నేల ఇనుమును తినేస్తుంది. రెండున్నర మీటర్ల కొత్త పైపు దించి, వైరు కొత్తగా బిగించాక ఫేజు నుంచి ఎర్త్‌కి 226 వచ్చింది. లాప్‌టాప్ స్క్రూ మీద ఒక వోల్టు కూడా లేదు. అమ్మాయి వట్టికాళ్లతో కూర్చుని నిమిరి చూసి "పోయింది" అంది.

కొందరు పైపు ఖర్చు ఎందుకని సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి చిన్న వైరు ముక్క కలిపేస్తారు. జివ్వుమనడం నిజంగానే ఆగుతుంది. కానీ గాలివానకి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే, వెలుగుతున్న బల్బు గుండా వచ్చిన ఫేజు ఆ ముక్క మీదుగా లాప్‌టాప్‌కీ, ఫ్రిజ్‌కీ ఎక్కుతుంది. మన ఊళ్లలో తుఫాను రోజు ఆ తీగ తెగడం ఎంతసేపు? ఎవరైనా అలా కలిపి ఉంటే ఇవాళే తీయించండి.

ఎర్త్ బాగైనా ఆ ఛార్జర్ని మాత్రం నేను పక్కన పెట్టేశాను. లీకేజీ దారిలో వాడే కెపాసిటర్లు పాడైతే తెగిపోవాలే గానీ అతుక్కుపోకూడదని వాటిని విడిగా తయారుచేస్తారు. వాటిని వై రకం అంటారు. ఛార్జర్ లోపల కరెంటు వైపుకీ లాప్‌టాప్ వైపుకీ మధ్య కూడా అలాంటిదే ఒకటి ఉండొచ్చు. చౌక సరుకులో దాని బదులు మామూలుది వేస్తే, అది అతుక్కున్న రోజున వచ్చేది జివ్వు కాదు. లోపల ఏది వేశారో మనం విప్పి చూడలేం కాబట్టి లేబుల్ చూడాలి. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తుతో పాటు ఆర్, ఒక గీత, 8 అంకెల నంబరు ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి ఎవరి పేరు వస్తుందో చూసుకోవచ్చు. నాకు అంటగట్టిన దాని మీద నంబరు చోట అక్షరాలు అలికేసినట్టు ఉన్నాయి.

రెండు పిన్నుల ఛార్జర్ల సంగతి వేరు. లేబుల్ మీద చతురస్రంలో చతురస్రం బొమ్మ ఉంటే దానికి ఎర్త్ అక్కర్లేదు, కాస్త జివ్వుమనడం దానికి మామూలే. కానీ మూడు పిన్నుల ఛార్జర్ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడితే, మంచి కంపెనీదైనా మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

చివరికి ఆ మూడు వేలు పెట్టి కంపెనీదే కొన్నాను. ఈసారి పెద్దాయన మీటరు అడిగి తీసుకెళ్లి, డబ్బులివ్వకముందే కౌంటరు మీద ఛార్జర్ని గోడకి పెట్టకుండానే పట్టాను. ఒక బుర్ర ప్లగ్ మూడో పిన్నుకి, రెండోది లాప్‌టాప్‌లోకి వెళ్లే పిన్ను బయటి రేకుకి. బీప్ అంది. షాపు కుర్రాడు వింతగా చూసి, ఇంకో రెండు డబ్బాలు తీసి "ఇవి కూడా చూడండి సార్" అన్నాడు.