రోజుకో రీలా, వారానికి రెండా? మగ్గం వర్క్ పేజీ నడిపిన అనుభవంతో

మాది రాజమండ్రి. ఇంట్లోనే మగ్గం వర్క్ బ్లౌజులు చేస్తాను, ఆర్డర్లు దాదాపు అన్నీ ఇన్‌స్టాగ్రామ్ నుంచే వస్తాయి. డిజైన్ గీయడం, కుట్టడం, వీడియో తీయడం, మెసేజ్‌లకు జవాబివ్వడం, కొరియర్ ప్యాకింగ్, అన్నీ నేనే. రోజుకో రీల్ పెట్టే పద్ధతి ఒక పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం వాడాను. ఆ తర్వాత నుంచి ఇప్పటిదాకా వారానికి రెండు రీల్స్, ఒక ఫొటో పోస్ట్ మీదే నడుస్తున్నాను. నా ఓటు రెండోదానికే, కానీ దానికీ కొన్ని లోపాలున్నాయి.

ముందు ఒక అపోహ గురించి. "గ్యాప్ ఇస్తే ఇన్‌స్టా మన పేజీని తొక్కేస్తుంది" అని చాలామంది భయపెడతారు. నాకు అలా కనిపించలేదు. చుట్టాల పెళ్ళికి వెళ్ళి పది పన్నెండు రోజులు ఏమీ పెట్టకుండా వచ్చి పెట్టిన రీల్ కూడా బాగా వెళ్ళిన సందర్భాలున్నాయి. ఒక రీల్ ఎంత దూరం వెళ్తుందనేది చాలావరకు ఆ రీల్‌నే బట్టి ఉంటుంది: ఎంతసేపు చూశారు, చూసినవాళ్ళలో ఎంతమంది లైక్ కొట్టారు, ఎంతమంది ఇంకొకరికి పంపారు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి కూడా 2025 జనవరిలో ఈ మూడే ముఖ్యమన్నాడు. గ్యాప్ ఇస్తే నిజంగా దెబ్బ తగిలేది స్టోరీలకు. రోజూ మన స్టోరీ తెరిచే అలవాటున్నవాళ్ళు నాలుగు రోజులు ఏమీ లేకపోతే ఆ అలవాటు మానేస్తారు, మన గుండ్రటి బొమ్మ వాళ్ళ ఫోన్‌లో వెనక్కి జరిగిపోతుంది. మళ్ళీ ముందుకు రావడానికి వారం పైనే పడుతుంది. నా ఆర్డర్లలో ఎక్కువ భాగం స్టోరీకి రిప్లయ్‌గా వచ్చేవే, కాబట్టి ఆ నష్టం చిన్నదేమీ కాదు.

ఇక రోజుకో రీల్ సంగతి. చేతులకు, వీపుకు నిండుగా వర్క్ ఉన్న పెళ్ళి బ్లౌజ్ ఒకటి మగ్గం మీద మూడు నాలుగు రోజులు ఉంటుంది. అంటే వారానికి కొత్తగా చూపించడానికి నా దగ్గర ఉండేది రెండు బ్లౌజులు. వాటితో ఏడు రీల్స్ చేయాలంటే అదే నెమలిని ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి చూపించాలి. చూసేవాళ్ళకు ఇది వెంటనే తెలిసిపోతుంది. ఇన్‌సైట్స్‌లో రీల్ కింద వచ్చే గ్రాఫ్ చూస్తే మొదటి రెండు మూడు సెకన్లలోనే గీత నిలువునా పడిపోయేది. అక్కడే ఫాలోయర్లు, ఫాలోయర్లు కానివాళ్ళు అని విడివిడిగా చూపిస్తుంది. కానివాళ్ళ వాటా రీల్ తర్వాత రీల్ తగ్గుతూ పోతుంటే, మన వీడియో మన పేజీ గడప దాటడం లేదని అర్థం.

అంకెల్లో చెప్పాలంటే, అప్పట్లో ఒక్కో రీల్ సుమారు 700 మందికి చేరేది, ఏడింటికి కలిపి ఐదువేల లోపు. ఇప్పుడు ఒక్కోటి మామూలుగా రెండువేలకు చేరుతుంది, రెండూ కలిపి నాలుగువేలు. చూశారుగా, మొత్తం రీచ్ తగ్గింది! తక్కువ పెడితే ఎక్కువ రీచ్ అని చెప్పేవాళ్ళ మాట నా లెక్కలో నిలవలేదు. పెరిగింది వేరే: "అక్కా, మాఘంలో పెళ్ళి, ఎప్పటిలోగా ఇవ్వగలరు?" అనే రకం మెసేజ్‌లు. ఉత్త "ప్రైస్ ప్లీజ్" కామెంట్లు తగ్గినా నాకు బాధ లేదు.

ఈ లెక్క చూసేటప్పుడు ఒక జాగ్రత్త. మా వ్యాపారంలో ఆషాఢం చల్లగా ఉంటుంది, శ్రావణం వచ్చేసరికి ఊపందుకుంటుంది. ఆషాఢంలో రోజూ పోస్ట్ చేసి, శ్రావణంలో తగ్గించి, "తగ్గించాక బాగుంది" అనుకుంటే అది పోస్టుల మహిమ కాదు, ముహూర్తాల మహిమ. అందుకే శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చుతాను. ప్రతి రీల్‌కూ పెట్టిన ఏడో రోజున ఉన్న సంఖ్యనే నోట్‌బుక్‌లో రాస్తాను. సగటు కాకుండా, అన్నింటినీ వరసగా పేర్చి మధ్యలో ఉన్నది తీసుకుంటాను. లేకపోతే పేలిన ఒక్క రీల్ మొత్తం లెక్కను చెడగొడుతుంది. నాకు అలా పేలింది డిజైన్ అద్దే వీడియో. సూదితో రంధ్రాలు పొడిచిన ట్రేసింగ్ పేపర్ గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన జింక్ పౌడర్‌ను గుడ్డముక్కతో రుద్ది, పేపర్ ఎత్తగానే తెల్లటి చుక్కల్లో డిజైన్ పడుతుంది. అది చూడ్డానికి భలే ఉంటుంది, దేశమంతా చూసింది. వచ్చిన ఫాలోయర్లలో బ్లౌజ్ కావాల్సినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

నా వారం ఇలా ఉంటుంది. పని జరిగేటప్పుడే వీడియో తీస్తాను, ప్రత్యేకంగా కూర్చోను. మగ్గం చట్రం పక్కన స్టాండ్‌కు ఫోన్ బిగించి, జర్దోసి తిప్పేటప్పుడో కుందన్ చుట్టూ కట్టేటప్పుడో పది పదిహేను సెకన్ల ముక్కలు తీసి పెడతాను. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలు కేటాయించి వాటిని రెండు రీల్స్‌గా కత్తిరించి, మంగళవారానికీ శుక్రవారానికీ షెడ్యూల్ చేసేస్తాను. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లోనే 75 రోజుల ముందు దాకా షెడ్యూల్ చేసుకోవచ్చు, డబ్బు కట్టే యాప్ అక్కర్లేదు. ఆదివారం పూర్తయిన బ్లౌజుల ఫొటోలు నాలుగైదు ఒకే పోస్ట్‌లో, ధర ఎక్కడ మొదలవుతుందో, ఎన్ని రోజులు పడుతుందో రాసి పెడతాను. స్టోరీలు రోజుకు రెండు: పొద్దున మగ్గం మీద ఏముందో ఒకటి, సాయంత్రం కొరియర్‌కు వెళ్తున్నదో, కస్టమర్ పంపిన ఫొటోనో ఇంకొకటి. మెసేజ్‌లకు భోజనం తర్వాత అరగంట, రాత్రి ఎనిమిదిన్నరకు అరగంట. 2021లో మొస్సేరి చెప్పింది కూడా ఇంచుమించు ఇదే, వారానికి రెండు పోస్టులు, రోజుకు రెండు స్టోరీలు.

వీటిలో ఏది ముందు వదిలేయాలో కూడా తెలిసి ఉండాలి. ముహూర్తాలు వరసగా ఉన్న వారంలో ఆదివారం పోస్ట్ తీసేస్తాను, తర్వాత శుక్రవారం రీల్. స్టోరీలు మాత్రం వదలను. మూఢంలో చేతినిండా ఖాళీ కాబట్టి నాలుగైదు రీల్స్ తయారుచేసి పక్కన పెడతాను, రద్దీ వారాల్లో అవే ఆదుకుంటాయి. షెడ్యూల్‌ను ఖాళీ వారం చూసి కాదు, ఊపిరాడని వారం చూసి నిర్ణయించుకోవడం వల్లే ఇది ఇంతకాలం నిలబడింది.

లోపాలూ చెప్పాలి. ఈ పద్ధతిలో ఫాలోయర్లు నెమ్మదిగా పెరుగుతారు. ఇప్పుడే పేజీ తెరిచినవాళ్ళకు వారానికి రెండు రీల్స్ తక్కువే. ఏది జనానికి నచ్చుతుందో తెలియాలంటే మొదట్లో నాలుగైనా పెట్టి చూడాలి. బిజినెస్ అకౌంట్‌లో సినిమా పాటలు చాలావరకు దొరకవు, ట్రెండింగ్ పాట మీద రీల్ చేద్దామంటే కుదరదు. నేనైతే "ఈ చేతికి ఎన్ని రోజులు పట్టింది, ఎంత అయింది" అని నా గొంతుతోనే చెప్తున్నాను. రోజుకు ఆరేడు రకాల వస్తువులు అమ్మే చీరల షాపు వాళ్ళకు నా షెడ్యూల్ సరిపోదు, వాళ్ళ దగ్గర రోజూ చూపించడానికి కొత్త సరుకు ఉంటుంది, వాళ్ళు రోజూ పెట్టుకోవచ్చు.