నెలల తరబడి జుట్టు రాలుతుంటే: మినాక్సిడిల్ మొదలుపెట్టడం మేలా, ఆగి చూడడం మేలా?

ముప్పైల్లో ఉన్న ఆడవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. జ్వరం రాలేదు, ఈమధ్య కాన్పు కాలేదు, కడుపు మాడ్చుకోలేదు, కొత్త మందులేవీ వాడలేదు. అయినా ఆరు నెలలు దాటినా తల మొత్తం మీద నుంచి జుట్టు రాలుతూనే ఉంది. డాక్టరు చూసి దీర్ఘకాలిక టీలోజెన్ ఎఫ్లూవియం అన్నారు, అంటే వెంట్రుకలు ముందే విశ్రాంతి దశలోకి వెళ్లి నెలల తరబడి రాలే సమస్య. ఇప్పుడు జుట్టు పెరగడానికి మాడుకు పూసే మందు మినాక్సిడిల్ వాడాలా, తగ్గేదాకా ఓపిక పట్టాలా?

నా మొగ్గు ఆగి చూడడం వైపే. అయితే అది ఒక షరతు మీద. జుట్టు రాలుతోందా లేక సన్నబడుతోందా అన్నది ముందు తేలాలి. నా లెక్కలో మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

చర్మవైద్యుడు డేవిడ్ వైటింగ్ 1996లో ఈ సమస్యను విడిగా వర్ణించారు. ఇది ఎక్కువగా ఒత్తైన జుట్టున్న ఆడవాళ్లలోనే కనిపిస్తుంది. రాలిన వెంట్రుకలను కవరులో పోగేసి తెస్తారు. తల చూస్తే మాత్రం పాపిడి వెడల్పు కాలేదు, మాడు బయటపడలేదు. అందుకే చాలాచోట్ల "మీకేం, జుట్టు బాగానే ఉందిగా" అని పంపేస్తారు. జడ సగమైందని ఆవిడకు తెలుసు, చూసేవాళ్లకు తెలియదు. ఇక్కడ కుదురు చెడిపోదు. ఊడిన వెంట్రుక స్థానంలో అంతే మందంగా ఇంకోటి వస్తుంది, కాకపోతే పెరిగే దశ త్వరగా ముగిసి ముందే రాలిపోతుంది. ఆడవాళ్లలో వచ్చే వంశపారంపర్య బట్టతల అలా కాదు. అందులో కుదురే కుంచించుకుపోతుంది, కొత్తగా వచ్చే ప్రతి వెంట్రుకా ముందుదానికంటే సన్నగా, పొట్టిగా ఉంటుంది. చిక్కేమిటంటే ఇదీ కొందరిలో మొదట రాలడంగానే బయటపడుతుంది. పాపిడి వెడల్పయ్యేసరికి చాలా కాలం గడిచిపోతుంది.

ఈ రెంటినీ విడదీయడానికి బయాప్సీ ఉంది, మాడును పెద్దదిగా చూపే డెర్మోస్కోపు ఉంది. వాటికంటే ముందు ఇంట్లోనే చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. ఇటలీ చర్మవైద్యుడు ఆల్ఫ్రెడో రెబోరా బృందం దానికో పద్ధతి ఏర్పరచింది. ఐదు రోజులు తలస్నానం ఆపాలి. ఆ తర్వాత తూము దగ్గర పలుచటి గుడ్డ కట్టి, షాంపూతో బాగా రుద్ది కడగాలి. గుడ్డలో పడ్డ వెంట్రుకలన్నీ ఆరబెట్టి లెక్కపెట్టాలి. వాటిలో మూడు సెంటీమీటర్లకు మించనివి ఎన్నో విడిగా చూడాలి. మొత్తం వంద దాటి, పొట్టివి పది శాతం లోపే ఉంటే అది టీలోజెన్ ఎఫ్లూవియం వైపు. మొత్తం వందలోపే ఉండి పొట్టివి పది శాతమో అంతకు మించో ఉంటే సన్నబడడం వైపు. మొత్తం వంద దాటి, పొట్టివీ పది శాతం దాటితే రెండూ కలిసే ఉన్నాయనుకోవాలి.

లెక్క ఎలా నడుస్తుందో చూడండి. ఒకావిడకు 260 వచ్చాయి, వాటిలో పొట్టివి 11. అంటే నాలుగు శాతం పైచిలుకు. చూడడానికి గుప్పెడు జుట్టు, గుండె గుభేలుమంటుంది, కానీ రాలినవాటిలో దాదాపు అన్నీ పూర్తిగా పెరిగినవే. ఇంకొకావిడకు వచ్చినవి 72 మాత్రమే, పొట్టివి 16, అంటే 22 శాతం. కంటికి ఈవిడే నయం అనిపిస్తుంది. నేను ముందు కంగారు పడేది ఈవిడ గురించే. ఒక జాగ్రత్త: మధ్యలో తెగిన ముక్కల్ని పొట్టి వెంట్రుకలుగా లెక్కించకూడదు. ఊడినదానికి ఒక చివర చిన్న తెల్లటి గుండు ఉంటుంది, తెగినదానికి ఉండదు. ఉంగరాల జుట్టుకు, బాగా పొట్టిగా కత్తిరించుకున్న జుట్టుకు ఈ లెక్క సరిగా కుదరదు.

రెండో ఆవిడకైతే చర్చ అక్కర్లేదు. చర్మవైద్యులు నిర్ధారించాక మినాక్సిడిల్ ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మొదటి ఆవిడకు ఎందుకు వద్దంటున్నానంటే, ఆ మందు పనిచేయదని కాదు. పనిచేస్తుంది. విశ్రాంతి దశలో ఉన్న కుదుళ్లను తొందరపెట్టి పెరిగే దశలోకి నెడుతుంది. అలా నెట్టేటప్పుడు పాత వెంట్రుకలు ఒక్కసారిగా ఊడతాయి కాబట్టి మొదటి వారాల్లో రాలడం పెరుగుతుంది. అసలే రాలుతోందని వచ్చిన మనిషికి అది పెద్ద పరీక్ష. ఫలితం తేలడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపేస్తే, దాని అండతో నిలిచిన జుట్టు మూడు నాలుగు నెలల్లో మళ్లీ రాలుతుంది.

అసలు ఇబ్బంది ఇక్కడే. దీర్ఘకాలిక టీలోజెన్ ఎఫ్లూవియం ఎగసిపడుతూ, తగ్గుతూ ఏళ్లపాటు నడుస్తుంది. మందు వాడుతుండగా తగ్గితే అది మందు గొప్పో, జబ్బు దానంతటదే సద్దుమణిగిందో చెప్పలేం. ఆపాక రాలితే జబ్బు తిరగబెట్టిందో, మందు ఆపినందుకు రాలుతోందో కూడా చెప్పలేం. దాంతో ఆపడానికి భయపడి ఏళ్లకేళ్లు పూస్తూ పోతారు, బట్టతలకు దారితీయని సమస్య కోసం. ముప్పైల్లో ఇంకో లెక్క కూడా ఉంది. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు మినాక్సిడిల్ ఆపాలి. అప్పుడు మందు ఆపిన రాలుడు ఒకటి, కాన్పు తర్వాత రాలుడు ఇంకొకటి, ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మాత్రల రూపంలో తక్కువ మోతాదు మినాక్సిడిల్ ఈ సమస్యలో రాలడాన్ని తగ్గించిందని ఆస్ట్రేలియా చర్మవైద్యుడు రాడ్నీ సింక్లెయిర్ బృందం చెప్పింది. కానీ అందులో మందు తీసుకోనివాళ్లతో పోలిక లేదు. తానుగా తగ్గే జబ్బులో ఆ పోలిక లేకపోవడం చిన్న లోటు కాదు. మొహం మీద నూగు పెరగడం, పాదాల వాపు, గుండె దడ కూడా రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడేది కాదు.

ఆగి చూడడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వలు చూపే ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. హిమోగ్లోబిన్ బాగున్నంత మాత్రాన ఇనుము సరిపడా ఉన్నట్టు కాదు, నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లలో నిల్వలు ముందే అడుగంటుతాయి. ఫెరిటిన్ 30 లోపుంటే ఇనుము మాత్రలు వేసుకోవాల్సిందే, జుట్టు మాట ఎలా ఉన్నా. దానికి పైన 40 ఉండాలా 70 ఉండాలా అన్న దాని మీద జుట్టు వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 45 ఉన్నావిడకు ఇనుముతో జుట్టు నిలుస్తుందని నేను మాటివ్వను. ఒంట్లో ఎక్కడైనా వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు ఆ వాపును పట్టిచ్చే సీఆర్‌పీ రక్తపరీక్ష కూడా చూడాలి. నిల్వలు నిండినా రాలడం తగ్గడానికి కనీసం ఇంకో మూడు నెలలు పడుతుంది, ఎందుకంటే విశ్రాంతి దశలోకి వెళ్లిపోయిన వెంట్రుక ఎటూ ఊడాల్సిందే.

బయోటిన్, నూనెలు, సీరమ్‌ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బయోటిన్ లోపం అరుదు, లోపం లేనివాళ్లకు దానితో ఒరిగేదీ లేదు. పైగా అది థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపించగలదు, కాబట్టి రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి, వాడుతున్నట్టు ల్యాబులో చెప్పండి.

ఎంతకాలం ఆగాలి? తలస్నానం లెక్కను ఆరు నెలలకోసారి అదే పద్ధతిలో చేయండి. ఒకే వెలుతురులో, ఒకేచోట పాపిడి తీసి ఫోటో తీసుకోండి. రోజూ లెక్కపెట్టకండి, దానివల్ల తెలిసేది తక్కువ, దిగులు ఎక్కువ. మొత్తం ఎంత ఎగసినా, పొట్టివి ఆ నాలుగైదు శాతం దగ్గరే నిలిస్తే నా సలహా మారదు. అవి పది శాతం దాటినా, ఫోటోల్లో పాపిడి వెడల్పు తెలుస్తున్నా ఇక ఆగడంలో అర్థం లేదు, ఆ లెక్కా ఫోటోలూ పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి మినాక్సిడిల్ గురించి మాట్లాడండి.