ఫిష్‌బౌల్ చర్చలో బయటి వలయం ప్రశ్నలు: చాలాకాలం వాడాక నా సమీక్ష

నెల్లూరు జిల్లా తీర మండలంలో తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెబుతాను. కొన్నేళ్లుగా ఫిష్‌బౌల్ చర్చ పెడుతున్నాను. ఆరుగురు మధ్యలో కూర్చుని మాట్లాడతారు. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని నోరు విప్పకుండా వింటారు, తర్వాత ప్రశ్నలు అడుగుతారు. లోపల ఎంత గొప్పగా మాట్లాడినా, క్లాసు ఎంత శ్రద్ధగా వింటోందో బయటపెట్టేవి ఆ ప్రశ్నలే.

ఒక చర్చ చెబుతాను. వరి పొలాన్ని రొయ్యల గుంటగా మార్చుకోవచ్చా అన్నది విషయం. లోపలున్న ఒక అబ్బాయి, వాళ్లకూ గుంటలున్నాయి, "మా పొలం, మా ఇష్టం. వరి కంటే నాలుగు రాళ్లు ఎక్కువొస్తాయి" అన్నాడు. బయటి నుంచి మొదట వచ్చిన ప్రశ్న, "ఒక పంటకు ఎన్ని నెలలు పడుతుంది?" మూడు నాలుగు నెలలని చెప్పేశాడు, అయిపోయింది. రెండోది, "గుంటల వల్ల నీళ్లు పాడవుతాయి కదా?" ఇది ప్రశ్న కాదు, చివర గుర్తు తగిలించుకున్న అభిప్రాయం. వాడు "పాడవవు" అన్నాడు, ఇద్దరూ పంతాలకు పోయారు.

తర్వాత వెనక వరసలోని ఒకమ్మాయి అడిగింది: "నీ గుంట కట్టకు అవతల వరి పొలం ఉందన్నావు. అది ఎవరిది?" వాడు కాసేపు ఆగి, "మా పెదనాన్నది" అన్నాడు. ఉప్పునీళ్లు ఇంకి పక్క మడి దెబ్బతింటుందని, మధ్యలో మురుగు కాలువ తవ్వాలని, ఆ ఖర్చు ఎవరు పెట్టాలని చర్చ మళ్లీ లేచింది. ఆ అమ్మాయి తన వాదన ఏమీ చెప్పలేదు. "మా పొలం, మా ఇష్టం" అన్న మాట దేనిమీద నిలబడిందో చూసి, అక్కడ వేలు పెట్టింది.

అందుకే ఇప్పుడు ఒకటే షరతు పెడతాను: ప్రశ్న "నువ్వు ఇలా అన్నావు" అనే మొదలుకావాలి. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసుకోమంటాను, ఎడమవైపు విన్న మాట, కుడివైపు దాని మీద ప్రశ్న. ఎడమవైపు నిండిపోయి కుడివైపు ఖాళీగా ఉంటే, వాడు రాసుకోవడంలో పడి వినడం మానేశాడని తెలిసిపోతుంది. ఆరుగురి మాటలూ పట్టుకోవడం పిల్లలకు కష్టం, అందుకే ఒక్కొక్కరికి లోపలివాళ్లలో ఒకరినే అప్పగిస్తాను.

లోపాలూ ఉన్నాయి. నలభై మంది ఉన్న క్లాసులో పావుగంట దాటితే బయటి వలయం కునుకు తీస్తుంది, ప్రశ్నలు ఒకదాన్నొకటి కాపీ కొడతాయి. మంచి ప్రశ్న రాసిన పిల్లలే పైకి చదవడానికి సిగ్గుపడతారు. అందుకే చీటీలు తీసుకుని, పేరు చెప్పకుండా నేనే చదువుతాను. మార్కులు వేయడం మాత్రం కుదరలేదు. మార్కులనగానే మెలికలు తిప్పిన పొడుగు ప్రశ్నలు తయారవుతాయి, లోపలివాడికి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఇక రాజధానులు, తేదీల పాఠానికైతే ఈ పద్ధతి దండగ.